రెండు మట్టి నమూనాల మధ్య ఏముంది?

కేంద్ర ప్రభుత్వం 2015లో సాయిల్ హెల్త్ కార్డు పథకాన్ని మొదలుపెట్టినప్పుడు ఊళ్ల భూములను గళ్లుగా విభజించారు. నీటి వసతి ఉన్నచోట 2.5 హెక్టార్లకు ఒక మట్టి నమూనా, వర్షాధారమైతే 10 హెక్టార్లకు ఒకటి తీయాలని లెక్క. పది హెక్టార్లంటే సుమారు పాతిక ఎకరాలు. ఆ పాతిక ఎకరాల్లో పై 15 సెంటీమీటర్ల మట్టిని ఘనపు మీటరుకు 1.4 టన్నుల చొప్పున తూకం వేస్తే 21,000 టన్నులు తేలుతుంది. ల్యాబ్‌కు చేరే సంచిలో ఉండేది అర కిలో. సేంద్రియ కర్బనం పరీక్షకు అందులోంచి తీసేది దాదాపు ఒక గ్రాము.

ఆ గ్రాము మట్టిని పొటాషియం డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలిపి, కర్బనం ఎంత డైక్రోమేట్‌ను ఖర్చు చేసిందో కొలుస్తారు. వాక్లీ, బ్లాక్ అనే ఇద్దరు 1934లో ప్రచురించిన పద్ధతి ఇది. ఇప్పటికీ మన భూసార పరీక్ష కేంద్రాల్లో ఎక్కువగా నడిచేది ఇదే. ఫలితం 0.50 శాతం కంటే తక్కువైతే కార్డు మీద ‘తక్కువ’ అని, 0.50 నుంచి 0.75 వరకు ‘మధ్యస్థం’ అని, అంతకు మించితే ‘ఎక్కువ’ అని పడుతుంది. నత్రజని ఎరువు ఎంత వేయాలనే సలహా కూడా ఈ మెట్ల మీదే ఆధారపడుతుంది.

నమూనా తీసిన మడి వరకు ఇది బాగానే ఉంది. గళ్లకు మధ్యలో, ఎవరూ పార పెట్టని చోట పొలం ఉన్న రైతు సంగతేమిటి? అతని నేలలో కర్బనం ఎంతుందో చెప్పాలంటే చుట్టుపక్కల చుక్కల నుంచి అంచనా కట్టాలి. ఊరంతటికీ, మండలమంతటికీ అలా అంచనా కడుతూ పోతే చుక్కల పట్టిక రంగుల పటంగా మారుతుంది. ఇందుకు శాస్త్రజ్ఞులు ఎక్కువగా నమ్ముకున్న పద్ధతి క్రిగింగ్.

దీని పుట్టుక పొలాల్లో కాదు, గనుల్లో జరిగింది. దక్షిణాఫ్రికా గనుల ఇంజినీరు డానీ క్రిగ్ విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లో, కొద్దిపాటి నమూనాలతో పెద్ద బండలో ఎంత బంగారం ఉందో అంచనా కట్టే పని మీద 1951లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ మాథెరాన్ దానికి గణిత పునాది వేసి, క్రిగ్ పేరు పెట్టాడు. 1980లో బర్జెస్, వెబ్‌స్టర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని మట్టి పటాలకు తెచ్చారు. ఆ తర్వాత ఇది నేల శాస్త్రంలో స్థిరపడిపోయింది.

పద్ధతి గుండెకాయ ఒక చిన్న గ్రాఫు. దాన్ని వేరియోగ్రామ్ అంటారు. దగ్గరి నేలలు ఒకదానికొకటి పోలి ఉంటాయని, దూరం పెరిగేకొద్దీ పోలిక తగ్గుతుందని ప్రతి రైతుకూ తెలుసు. ఎంత దూరానికి ఎంత తగ్గుతుందన్నది మాత్రం కంటికి కనిపించదు. వేరియోగ్రామ్ కొలిచేది దాన్నే.

లెక్క కష్టమైనదేమీ కాదు. ఏవైనా రెండు నమూనాలు తీసుకోవాలి. ఒకచోట కర్బనం 0.62 శాతం, మరోచోట 0.36 అనుకుంటే తేడా 0.26. దాన్ని వర్గం చేస్తే 0.0676, అందులో సగం 0.0338. ఈ సంఖ్యను ఆ రెండు చోట్ల మధ్య దూరంతో పాటు రాసుకోవాలి. ఇలాగే ఉన్న జతలన్నిటికీ చేయాలి. తర్వాత వంద మీటర్ల లోపు జతలను ఒక గుంపుగా, వంద నుంచి రెండు వందల వరకు మరో గుంపుగా, ఇలా దూరాన్ని బట్టి విడదీసి ఒక్కో గుంపుకు సగటు తీయాలి. అడ్డంగా దూరం, నిలువుగా ఆ సగటు పెట్టి చుక్కలు పెడితే వేరియోగ్రామ్ తయారవుతుంది.

ఈ పని నేర్చుకునేవారు ప్రపంచమంతటా వాడే ఒక నిజమైన డేటా ఉంది. నెదర్లాండ్స్‌లో స్టైన్ అనే ఊరి దగ్గర మ్యూజ్ నది వరద మైదానంలో 155 చోట్ల పై మట్టిని తీసి జింకు, సీసం, రాగి, కాడ్మియంతో పాటు సేంద్రియ పదార్థాన్నీ కొలిచారు. ఒక్కో నమూనా సుమారు 15 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న చోట నుంచి కలిపి తీసినది. సేంద్రియ పదార్థం 153 చోట్ల నమోదైంది, రెండు చోట్ల లేదు. ఉన్నవాటిలో కనిష్ఠం 1 శాతం, గరిష్ఠం 17, సగటు 7.5కు కాస్త తక్కువ. సేంద్రియ పదార్థాన్ని 1.724తో భాగిస్తే కర్బనం వస్తుందన్నది పాత వాడుక. ఆ లెక్కన అక్కడి సగటు కర్బనం 4.3 శాతం. అర శాతం దగ్గర కొట్టుమిట్టాడే మన మెట్ట నేలల పక్కన ఆ సంఖ్య నమ్మశక్యంగా అనిపించదు. చల్లని వాతావరణంలో నదీ తీరపు ఒండ్రు కనుక అక్కడ అంత నిలిచింది.

ఈ డేటా ఆర్ అనే ఉచిత గణాంక సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగా దొరుకుతుంది. చుక్కల నుంచి పటం దాకా వెళ్లే దారి ఇంతే:

```
library(sp); library(gstat)
data(meuse); data(meuse.grid)
coordinates(meuse) <- ~x+y
gridded(meuse.grid) <- ~x+y
m <- meuse[!is.na(meuse$om), ]
m$oc <- m$om / 1.724
v <- variogram(oc ~ 1, m)
f <- fit.variogram(v, vgm(3, "Sph", 900, 1))
k <- krige(oc ~ 1, m, meuse.grid, f)
```

చివరి వరుస నడిచాక 40 మీటర్ల గళ్లతో ఉన్న ఆ మైదానంలో 3,103 గళ్లకు అంచనాలు వస్తాయి. పేరు `var1.pred` ఉన్న నిలువు వరుసలో అంచనా, `var1.var` ఉన్న దానిలో ఆ అంచనాకు సంబంధించిన దోషపు కొలత ఉంటాయి. పది వరుసల్లోపు ముగిసిపోవడం వల్లే జనం ఎక్కువగా పొరబడేది కూడా ఇక్కడే. పటం ఎలాగైనా వస్తుంది. వేరియోగ్రామ్ సరిగా అమరినా రంగులు వస్తాయి, అమరకపోయినా వస్తాయి.

అందుకే `v` దగ్గర ఆగి చూడాలి. మామూలుగా వేరియోగ్రామ్ చుక్కలు ఎడమవైపు కింద మొదలై, పైకి పాకి, ఒక ఎత్తుకు చేరాక చదునుగా సాగుతాయి. చదునైన ఎత్తును సిల్ అంటారు. అది దాదాపు మొత్తం డేటాలో ఉన్న వైవిధ్యానికి సమానం. ఎక్కడ చదునవుతుందో ఆ దూరం రేంజ్. అంతకు మించిన దూరంలో ఉన్న నమూనా మనకు అవసరమైన చోటు గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. మూడోది నగ్గెట్. దూరం సున్నాకు దగ్గరపడుతున్నా గీత సున్నా దగ్గరకు దిగకుండా కొంత ఎత్తులోనే ఆగిపోతుంది. ఆ ఎత్తే నగ్గెట్. ల్యాబ్ పరీక్షలోని దోషం, అడుగు తేడాతో మారిపోయే మట్టి గుణం, రెండూ కలిసి అందులో ఉంటాయి.

చుక్కల గుండా గీయాల్సిన గీత ఎలా పడితే అలా ఉండకూడదు. ఎలాంటి గీత పడితే అలాంటిది గీస్తే, తర్వాతి లెక్కలో దోషపు కొలత రుణ సంఖ్యగా వచ్చే ప్రమాదం ఉంది. ఆ ముప్పు లేని కొన్ని రూపాలను గణిత శాస్త్రజ్ఞులు నిర్ధారించి పెట్టారు. వాటిలో బాగా వాడుకలో ఉన్నది గోళీయ నమూనా:

γ(h) = c0 + c × [1.5(h/a) − 0.5(h/a)³]

ఇందులో h దూరం, a రేంజ్, c0 నగ్గెట్. నగ్గెట్‌కు c కలిపితే సిల్ వస్తుంది. దూరం రేంజ్‌ను దాటాక గీత సిల్ దగ్గరే ఉండిపోతుంది. పై కోడ్‌లో 3, 900, 1 అన్నవి మనిషి కంటితో చూసి ఇచ్చిన తొలి ఊహలు. అక్కడి నుంచి కంప్యూటరు చుక్కలకు దగ్గరయ్యేలా సర్దుతుంది. ఊహ మరీ దూరంగా ఉంటే సర్దుబాటు కుదరలేదని హెచ్చరిక వస్తుంది, లేదా అర్థంలేని రేంజ్ వస్తుంది. ఇదే మ్యూజ్ డేటాలో జింకు లాగరిథమ్‌కు గోళీయ గీత అమర్చితే నగ్గెట్ 0.05, సిల్ 0.64, రేంజ్ సుమారు 897 మీటర్లు వస్తాయి. అంటే మొత్తం వైవిధ్యంలో పన్నెండో వంతు మాత్రమే నగ్గెట్‌కు పోయింది. పటం గీయడానికి అనువైన డేటా అది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 155 చోట్ల నుంచి 11,935 జతలు వస్తాయి. కానీ సాఫ్ట్‌వేర్ తనంతట తాను చేసే విభజనలో మొదటి గుంపులో, అంటే దాదాపు 106 మీటర్ల లోపు, పడే జతలు 57 మాత్రమే. నూటికి అర పాలు కూడా లేవు. గీత ఎక్కడ మొదలవుతుందో తేల్చే బరువంతా ఆ కొద్ది జతల మీదే ఉంది. ఎడమ చివర ఒక్క చుక్క కాస్త కదిలితే నగ్గెట్ కదులుతుంది, దానితో పాటు పటమంతా మారుతుంది.

ఎంత మారుతుందో చేతి లెక్కతోనే చూడవచ్చు. ఊరి చివర పి అనే పొలం ఉందనుకుందాం. అక్కడ నమూనా తీయలేదు. తూర్పు వైపు 300 మీటర్లలో ఏ, బీ అనే రెండు నమూనాలు ఉన్నాయి. వాటి మధ్య దూరం 60 మీటర్లే. పడమర వైపు అదే 300 మీటర్లలో సీ ఒక్కటే ఉంది. కర్బనం ఏలో 0.62, బీలో 0.58, సీలో 0.36 శాతం. ఊరి వేరియోగ్రామ్‌లో నగ్గెట్ 0.01, సిల్ 0.04, రేంజ్ 1,200 మీటర్లు అనుకుందాం. ఇవి వివరణ కోసం వేసుకున్న అంకెలు.

దూరాన్ని మాత్రమే చూసే పాత పద్ధతిలో మూడూ సమాన దూరంలో ఉన్నాయి కనుక మూడింటికీ సమాన భాగం దక్కుతుంది. సగటు 0.52. కార్డు మీద ‘మధ్యస్థం’.

క్రిగింగ్ మరో ప్రశ్న కూడా వేస్తుంది: నమూనాలు తమలో తాము ఎంత దగ్గర? గోళీయ సూత్రంలో వేస్తే 60 మీటర్లకు విలువ 0.0122, 300 మీటర్లకు 0.0210, 600 మీటర్లకు 0.0306. ఏ, బీ పక్కపక్కన ఉండి దాదాపు ఒకే సమాచారం ఇస్తున్నాయని ఈ అంకెలే చెబుతున్నాయి. భాగాలన్నీ కలిపి ఒకటి కావాలి, అంచనా దోషం వీలైనంత తగ్గాలి అన్న రెండు షరతులతో సమీకరణాలు సాధిస్తే ఏకు 0.28, బీకి 0.28, సీకి 0.44 వస్తాయి. ఒంటరిగా ఉన్న సీ మాటకు విలువ పెరిగింది. అంచనా 0.49 శాతం. ఇప్పుడదే పొలం ‘తక్కువ’ కిందికి వచ్చింది.

ఏది నిజమని వాదించే ముందు క్రిగింగ్ ఇచ్చే రెండో అంకెను చూడాలి. ఈ అంచనాకు ప్రామాణిక దోషం 0.16. స్థూలంగా చెప్పాలంటే పి దగ్గర నిజమైన విలువ 0.18, 0.80 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అంటే ఆ పొలం ‘తక్కువ’ అయ్యే అవకాశం, కాకపోయే అవకాశం దాదాపు సమానం. కార్డు మీద ఒక్క మాట రాసి ఊరుకుంటే రైతుకు తెలియకుండా పోయేది ఈ విషయమే. క్రిగింగ్‌కు అసలు గౌరవం దక్కాల్సింది ఈ రెండో అంకె వల్ల.

ఇప్పుడు నమూనాలు, విలువలు, సిల్, రేంజ్ అలాగే ఉంచి నగ్గెట్ ఒక్కటి మార్చి చూద్దాం. నగ్గెట్ సున్నా అయితే సీ భాగం 0.49కి పెరుగుతుంది, ప్రామాణిక దోషం 0.12కు తగ్గుతుంది. నగ్గెట్ 0.04 అయితే, అంటే వేరియోగ్రామ్ మొదటి నుంచీ చదునుగానే ఉంటే, మూడింటికీ తిరిగి సమాన భాగాలు వస్తాయి, దోషం 0.23కు చేరుతుంది. గీత మొదట్లో ఎక్కడ నిలుస్తుందన్న దాన్ని బట్టి దోషం దాదాపు రెండింతలైంది. అలా పూర్తిగా చదునైన వేరియోగ్రామ్ వస్తే ఆ డేటాతో పటం గీయకూడదు. ఆ నమూనాల మధ్య దూరానికి, వాటి పోలికకు సంబంధం కనపడలేదని డేటా చెప్పినట్టు. సగటు చెప్పి ఆగడమే న్యాయం.

మన గళ్ల నమూనాలకు ఉన్న చిక్కు ఇక్కడే బయటపడుతుంది. పది హెక్టార్ల గడి అంటే నమూనాల మధ్య సుమారు 316 మీటర్లు. రెండున్నర హెక్టార్లదైనా 158 మీటర్లు. గళ్లను బుద్ధిగా పాటిస్తే 150 మీటర్ల లోపు జత ఒక్కటి కూడా ఉండదు. అయినా సాఫ్ట్‌వేర్ గీతను సున్నా దాకా పొడిగించి నగ్గెట్ ఇంత అని ఒక సంఖ్య చూపిస్తుంది. అది కొలిచిన సంఖ్య కాదు, 316 మీటర్ల అవతల ఉన్న చుక్కల వాలును వెనక్కి లాగి చేసిన ఊహ. పైన మనం చూసిన 0.12, 0.23 అన్న తేడా అంతా ఆ ఊహలో దాగి ఉంటుంది.

దీనికి మందు ఖరీదైనది కాదు. నమూనాల సంఖ్య పెంచకుండానే కొన్నిటిని గడి మధ్య నుంచి తీసి, వేరే నమూనాలకు 20, 50, 100 మీటర్ల దూరంలో పెడితే చాలు. వంద నమూనాల్లో పది పదిహేను ఇలా కేటాయిస్తే గీత ఎడమ చివరకు కాళ్లు దొరుకుతాయి. ఒకే సంచిలోని మట్టిని పేరు చెప్పకుండా ల్యాబ్‌కు రెండుసార్లు పంపితే, నగ్గెట్‌లో ల్యాబ్ వాటా ఎంతో విడిగా తెలుస్తుంది. మొత్తం మీద వంద నమూనాలకు తక్కువైతే వేరియోగ్రామ్ నిలకడగా రాదని వెబ్‌స్టర్, ఆలివర్ 1992లోనే తేల్చారు. ముప్పై నలభై నమూనాలతో ఊరికి పటం గీసి ఇచ్చేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

నమూనాలు సరిపోయినా గీతను పాడుచేసేవి రెండున్నాయి. మొదటిది తప్పుడు చోట తీసిన మట్టి. పెంటకుప్ప వేసిన జాగా, పశువులు కట్టేసే చెట్టు నీడ, గట్టు పక్క నుంచి తీయవద్దని సూచనల్లో రాస్తారు గానీ జరుగుతూనే ఉంటుంది. మిగతా ఊరంతా 0.5 దగ్గర ఉండగా అలాంటి చోట 2.0 వచ్చిందనుకుందాం. తేడా 1.5, వర్గంలో సగం 1.125. సిల్ 0.04 ఉన్న ఊళ్లో ఆ ఒక్క జత మామూలు జతలు 28 కలిస్తే ఉన్నంత బరువు వేస్తుంది. పైగా ఆ సంచి ఒక్క జతలోనే ఉండదు, ఊళ్లోని ప్రతి నమూనాతోనూ జతకడుతుంది. చుక్కలు మెట్లు మెట్లుగా పైకీ కిందికీ ఎగురుతుంటే ముందు అనుమానించాల్సింది ఇలాంటి సంచినే. గుర్తుపట్టడానికి జతలను ఒక్కొక్కటిగా చుక్కలు పెట్టి చూస్తారు. పైన తేలిన జతలన్నిట్లో ఒకే నమూనా సంఖ్య కనబడితే, ఆ పొలానికి మళ్లీ వెళ్లి చూడాల్సిందే. అక్కడ నిజంగానే అంత కర్బనం ఉంటే తీసేయకూడదు. అప్పుడు విపరీత విలువలకు అంతగా లొంగని అంచనా సూత్రాన్ని వాడాలి. క్రెస్సీ, హాకిన్స్ 1980లో ఇచ్చిన సూత్రం అలాంటిదే.

రెండోది నేల రకం. తెలంగాణలో ఒకే ఊళ్లో వాలు మీద ఎర్ర చల్క, దిగువన నల్లరేగడి ఉండటం మామూలే. బంకమట్టి ఎక్కువ ఉన్న నేల కర్బనాన్ని ఎక్కువ పట్టి ఉంచుతుంది. రెండిటినీ కలిపి వేరియోగ్రామ్ గీస్తే చల్కకు, రేగడికి మధ్య ఉన్న తేడా కూడా దూరం వల్ల వచ్చిన తేడాగా లెక్కలో చేరుతుంది. గీత చదును కాకుండా పైపైకి పోతూనే ఉంటుంది. పటంలోనేమో నేల మారే గట్టు దగ్గర పదునైన గీత ఉండాల్సిన చోట రంగు మెల్లగా కరిగిపోతుంది. కాబట్టి ఇలాంటిచోట ముందు నేల రకం సగటును తీసేసి, మిగిలిన తేడాకు మాత్రమే వేరియోగ్రామ్ గీయాలి. మ్యూజ్ మైదానంలోనూ ఇదే పరిస్థితి. నది నుంచి దూరం జరిగేకొద్దీ సేంద్రియ పదార్థం తగ్గుతుంది. పై కోడ్‌లో `oc ~ 1` బదులు `oc ~ sqrt(dist)` అని రాస్తే, వేరియోగ్రామ్‌లోనూ క్రిగింగ్‌లోనూ, ఆ వాలును లెక్కలోకి తీసుకుని మిగతాదాన్ని పరుస్తుంది. వాలు తీసేశాక సిల్ తగ్గుతుంది. రేంజ్ కూడా సాధారణంగా చిన్నదవుతుంది.

గీత బాగా అమరిందో లేదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. ఉన్న నమూనాల్లో ఒకదాన్ని దాచి, మిగతావాటితో అక్కడి విలువ అంచనా వేసి, దాచిన విలువతో పోల్చాలి. ఇలా ఒక్కొక్కటిగా అన్నిటికీ చేయాలి. ప్రతిచోటా వచ్చిన తప్పును వర్గం చేసి, అదే చోట క్రిగింగ్ చెప్పిన దోషపు వర్గంతో భాగించి సగటు తీస్తే అది ఒకటికి దగ్గరగా ఉండాలి. రెండున్నర వచ్చిందంటే నిజమైన తప్పులు పద్ధతి ఒప్పుకున్నదాని కంటే చాలా పెద్దవి. నగ్గెట్‌నో సిల్‌నో తక్కువ చేసి చూపారన్నమాట. 0.4 వస్తే అవసరం లేని భయం పెట్టారు. అయితే 316 మీటర్ల గళ్ల డేటా మీద ఈ పరీక్ష కూడా 316 మీటర్ల దూరాన్నే పరీక్షిస్తుంది. గీత ఎడమ చివర గురించి దానికీ ఏమీ తెలియదు. పక్కపక్క జతల అవసరాన్ని ఏ పరీక్షా తీర్చలేదు.

పటం చేతికొచ్చాక జరిగే పొరపాటు మరొకటుంది. క్రిగింగ్ పటం ఎప్పుడూ నిజమైన నేల కంటే నున్నగా ఉంటుంది. అంచనా సగటు వైపు మొగ్గుతుంది కనుక మరీ పేద నేలలు, మరీ సారవంతమైన నేలలు రెండూ పటంలో తగ్గిపోతాయి. ‘ఈ మండలంలో అర శాతం కంటే తక్కువ కర్బనం ఉన్న భూమి ఇన్ని వేల ఎకరాలు’ అని ఆ పటం మీద గళ్లు లెక్కపెట్టి చెబితే తప్పుతుంది. సగటు అర శాతానికి పైన ఉన్న మండలంలో ఆ పేద భూమి నిజానికి ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. విస్తీర్ణం కావాలంటే అదే వేరియోగ్రామ్‌కు సరిపోయే, నేలలోని కరుకుదనం నిలిపే పటాలను వందల సంఖ్యలో కంప్యూటరుతో గీయించి, ఒక్కోదానిలో అర శాతం కింద పడ్డ గళ్లు లెక్కించాలి.

రైతుకు ఒక బిందువు దగ్గర విలువ అవసరం కూడా లేదు. అతను ఎరువు వేసేది ఎకరానికి. క్రిగింగ్‌లో బిందువు బదులు ఒక ఎకరా సగటును నేరుగా అంచనా కట్టే వీలుంది. అడుగడుక్కూ మారే సూక్ష్మ తేడాలు ఎకరా సగటులో ఒకదానితో ఒకటి రద్దయిపోతాయి కనుక దోషం తగ్గుతుంది. పి పొలం లెక్కనే సుమారు 64 మీటర్ల చదరానికి చేస్తే అంచనా దాదాపు అదే 0.49 ఉంటుంది గానీ ప్రామాణిక దోషం 0.16 నుంచి 0.12కు దిగుతుంది. కార్డు మీద ఏ అంకె వేసినా అది బిందువుకా, ఎకరానికా అని పక్కన రాయాలి.

0.12 దోషంతో కూడా పి పొలం ఏ మెట్టులో ఉందో తేలలేదు. అక్కడ ఒక నమూనా తీయడమే దారి. ఎక్కడెక్కడ అలా తీయాలో దోషాల పటం చూపిస్తుంది. క్రిగింగ్ దోషం లెక్కలోకి కర్బనం విలువలు నేరుగా రావు, నమూనాలు ఎక్కడెక్కడ ఉన్నాయి, వేరియోగ్రామ్ ఏమిటి అన్న రెండే వస్తాయి. పక్క ఊరి పాత సర్వే నుంచి వేరియోగ్రామ్ ఉంటే, ఈ ఊళ్లో ఒక్క గుంట తవ్వకముందే, గడి 150 మీటర్లయితే దోషం ఎంత, 250 అయితే ఎంత అని లెక్క వేసుకోవచ్చు. మెక్‌బ్రాట్నీతో కలిసి బర్జెస్, వెబ్‌స్టర్ 1981లో ప్రచురించిన వ్యాసం సరిగ్గా ఈ పని గురించే. దోషం 0.10 దాటకూడదని వ్యవసాయ శాఖ ముందే అనుకుంటే, గడి ఎంత ఉండాలో, ఎన్ని సంచులు కావాలో, వాటిలో ఎన్ని పక్కపక్కనే పెట్టాలో బడ్జెట్ వేసే రోజే తేలిపోతుంది.